క్రెడిట్ కార్డు లిమిట్ పెంచాలంటే: బ్యాంకుకు ఉత్తరం రాయాలా, యాప్‌లో ఆఫర్ కోసం ఆగాలా, ఇంకో కార్డు తీసుకోవాలా?

కార్డు లిమిట్ చాలడం లేదని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: మీ గురించి బ్యాంకుకి తెలియని మంచి విషయం ఏమైనా ఉందా? జీతం పెరిగిందా, పాత లోన్ తీరిపోయిందా, ఉద్యోగం పర్మనెంట్ అయిందా? ఉంటే ఉత్తరం రాయడం దండగ కాదు. అలాంటిదేమీ లేదు, కార్డు తీసుకున్న రోజు ఎంత వచ్చేదో ఇప్పుడూ అంతే వస్తోంది అంటే, ఎంత బాగా రాసినా ఉత్తరం పెద్దగా పని చేయదు. అప్పుడు వేరే దారులు చూసుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామందిది మొదటి రకమే, కానీ ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఎలాగో మా బావ విషయంలో చెప్తాను. ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు, కాపురం శ్రీకాకుళంలో. 2021లో కార్డు తీసుకున్నప్పుడు చేతికి 22,000 వచ్చేది, బ్యాంకు 50,000 లిమిట్ ఇచ్చింది. ఇప్పుడు చేతికి 41,500 వస్తోంది. లిమిట్ మాత్రం ఆ 50,000 దగ్గరే ఉంది. జీతం పడేది కంపెనీ తెరిపించిన వేరే బ్యాంకు ఖాతాలో. అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు దృష్టిలో ఆయన ఇంకా 22,000 జీతగాడే. ఐదేళ్లుగా ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదన్నది దానికి తెలుసు, జీతం దాదాపు రెట్టింపయిందన్నది తెలియదు.

యాప్‌లో కనిపించే ఆఫర్

ఇది అన్నింటికన్నా సులువు. కాగితాలు అడగరు, ఓటీపీ కొడితే అయిపోతుంది. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డు నిబంధనల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం లేకుండా లిమిట్ పెంచకూడదు, అందుకే ముందు ఆఫర్ చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతారు. తోచిన లిమిట్ ఇచ్చేసి తర్వాత సంగతి చూద్దామనే పద్ధతి కుదరదు.

చిక్కు ఏమిటంటే, ఆ ఆఫర్‌లో అంకె బ్యాంకు దగ్గరున్న పాత సమాచారం మీద తయారవుతుంది. కార్డు ఎంత వాడారు, బిల్లు ఎలా కట్టారు, మిగతా అప్పులు ఎలా ఉన్నాయి, ఇవే లెక్క. కొత్త జీతం అందులో ఉండదు. మా బావకి యాప్‌లో 65,000 ఆఫర్ వచ్చింది. ఆయన నెలకి కార్డు మీద పెట్టే ఖర్చు 38,000 దాకా ఉంటుంది. 50,000లో అది 76 శాతం, 65,000లో 58 శాతం. లిమిట్‌లో సగానికి మించి వాడేసినట్టే కనబడుతుంది కాబట్టి, పేరుకి లిమిట్ పెరిగినా ఇబ్బంది తీరదు.

ఇంకో సంగతి. ఒకసారి లిమిట్ మారిస్తే మళ్లీ మార్చడానికి చాలా బ్యాంకులు ఆరు నెలల దాకా గ్యాప్ పెడతాయి. చిన్న ఆఫర్ నొక్కేసి, మర్నాడు పెద్ద అంకె కోసం ఉత్తరం రాస్తే, ‘ఇటీవలే పెంచాం’ అన్న జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి జీతం బాగా పెరిగినవాళ్లు ఆఫర్ కనబడగానే నొక్కకుండా, గ్యాప్ ఎంతో కస్టమర్ కేర్‌లో కనుక్కుని, అప్పుడు తేల్చుకోవడం మేలు. జీతం పెద్దగా పెరగనివాళ్లకి మాత్రం ఆ ఆఫరే మంచి దారి. దాన్ని వదులుకుని ఉత్తరం పట్టుకు తిరగడంలో అర్థం లేదు.

జీతం పడే బ్యాంకులో కొత్త కార్డు

ఉత్తరానికి గట్టి పోటీ ఇదే. జీతం ఖాతా ఉన్న బ్యాంకు మీ జీతాన్ని నెలనెలా కళ్లారా చూస్తుంది, కాబట్టి ఋజువు పెట్టాల్సిన పని తక్కువ. లిమిట్ కూడా పాత బ్యాంకు కంటే బాగానే ఇవ్వొచ్చు. రెండు కార్డుల మీద లిమిట్ కలిపి చూస్తే వాడకం శాతం కూడా తగ్గుతుంది.

నష్టాలూ ఉన్నాయి. కొత్త కార్డుకి అప్లై చేయగానే సిబిల్ లాంటి సంస్థల దగ్గర మీ పేరు మీద ఒక ఎంక్వైరీ నమోదవుతుంది. ఒకటి రెండైతే ఫర్వాలేదు. నాలుగు బ్యాంకుల్లో వరసగా అప్లై చేస్తే అప్పు కోసం తిరుగుతున్న మనిషిలా కనిపిస్తారు. ఏడాది ఫీజు ఒకటి, గుర్తు పెట్టుకోవాల్సిన గడువు తేదీ ఇంకొకటి. ఇంట్లో బిల్లుల సంగతి ఒక్కరే చూసుకునేవాళ్లకి ఈ రెండో తేదీయే అసలు తలనొప్పి. ఒక్క బిల్లు మరచిపోతే ఐదేళ్లు కాపాడుకున్న చరిత్రకి మచ్చ పడుతుంది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్యంగా రిపోర్టు చేయాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది కానీ, ఆ మూడు రోజుల మీద ఆధారపడి బతకడం మంచిది కాదు.

నా అభిప్రాయం అడిగితే, పాత కార్డు మీద మంచి చరిత్ర ఉన్నప్పుడు ముందు ఉత్తరమే. కాదంటే అప్పుడు కొత్త కార్డు. ముందు కొత్త కార్డు తీసుకుని తర్వాత పాత బ్యాంకుకి రాస్తే, మీ మొత్తం లిమిట్ అప్పటికే పెరిగిపోయి ఉంటుంది. ఇంకా ఎందుకు అన్నట్టు చూస్తారు.

ఒక్క నెల అవసరమైతే

ఫ్రిజ్ కొనాలి, పెళ్లి బట్టలు కొనాలి, ఆ ఒక్క నెలకే లిమిట్ చాలదు అనుకుంటే, శాశ్వతంగా పెంచమని అడగాల్సిన అవసరమే లేదు. బిల్లు వచ్చేదాకా ఆగకుండా మధ్యలో కట్టేస్తే సరిపోతుంది. 50,000 లిమిట్‌లో 20,000 వాడేసి ఉన్నారు, 45,000 పెట్టి వస్తువు కొనాలి. ఆ 20,000 ముందుగా కట్టేస్తే లిమిట్ మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుంది. కట్టిన డబ్బు కార్డులో కనబడడానికి ఒక్కోసారి రోజు, రెండు రోజులు పట్టొచ్చు, కాబట్టి షాపులో కౌంటర్ ముందు నిలబడి కట్టకండి. కొన్ని బ్యాంకులు కొద్దిరోజుల తాత్కాలిక లిమిట్ కూడా ఇస్తాయి, ఫోన్ చేసి అడగొచ్చు.

ఆదాయం కాగితం మీద కనబడనివాళ్లకి

నరసన్నపేటలో బట్టల షాపు, పలాసలో జీడిపప్పు వ్యాపారం, విజయనగరంలో హోల్‌సేల్ కిరాణా. ఇలాంటివాళ్లకి డబ్బు తిరుగుతుంది కానీ ఉత్తరంతో పాటు పెట్టే కాగితం బలహీనంగా ఉంటుంది. ఎందుకో ఒక లెక్క చూడండి. ఏడాదికి 30 లక్షల అమ్మకం, అంతా యూపీఐలోనూ బ్యాంకులోనూ వచ్చింది. చిన్న వ్యాపారులకి ఆదాయపు పన్ను చట్టంలో ఉన్న 44ఏడీ అంచనా పద్ధతిలో కనీసం 6 శాతం లాభం చూపిస్తే చాలు కదా అని 1,80,000 ఆదాయం చూపించి రిటర్న్ వేశారు. పన్ను పడలేదు, సంతోషం. కానీ బ్యాంకు ఆ రిటర్న్ చూసి నెలకి 15,000 సంపాదించే మనిషి అనుకుంటుంది. నిజంగా మిగిలేది నెలకి 40,000 అయినా ఆ మాట చెప్పే కాగితం లేదు.

44ఏడీలో 6 శాతం అనేది కనీసం. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలని ఆ సెక్షనే చెప్తుంది. రెండేళ్లు నిజం చూపించి రిటర్న్ వేసినవాళ్ల ఉత్తరానికి బరువు ఉంటుంది. ఈలోపు లిమిట్ కావాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోవడమే దారి. డిపాజిట్ మొత్తంలో ఎంత శాతం లిమిట్ ఇస్తారన్నది బ్యాంకుని బట్టి మారుతుంది. మీ డిపాజిట్ తాకట్టులో ఉంటుంది, వడ్డీ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆదాయం ఋజువు అడగరు. డబ్బు ఇరుక్కుపోతుంది అనేది నిజమే కానీ, రిటర్న్ బలహీనంగా ఉన్నప్పుడు ఉత్తరం రాసి కాదనిపించుకోవడం కంటే ఇది నయం.

ఉత్తరం రాసే ముందు రెండు మూడు నెలలు

ఉత్తరమే దారి అని తేలితే, వెంటనే కూర్చుని రాయకండి. ముందు మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. అందరూ ఆ అంకె చూసి మూసేస్తారు, నేను మాత్రం లోపలి పేజీలు చూడమంటాను. ఒక్కో ఖాతా కింద నెలనెలా గడి గడిగా ఎన్ని రోజులు ఆలస్యమైందో రాసి ఉంటుంది. అన్నీ సున్నాలుండాలి.

మనవైపు ఆ గడుల్లో మచ్చలు వచ్చేది చాలాసార్లు కార్డు వల్ల కాదు. బంగారం లోన్ ఏడాది గడువు దాటాక రెన్యువల్‌కి నెల ఆలస్యంగా వెళ్తాం, వడ్డీ కట్టేశాం కదా అనుకుంటాం, రిపోర్టులో మాత్రం అన్ని రోజుల ఆలస్యం కూర్చుంటుంది. హామీ సంతకాలు ఇంకో గొడవ. మా బావ రిపోర్టులో ఒక ట్రాక్టర్ లోన్ కనబడింది. ఆయనకి పొలమే లేదు! వాళ్ల మేనమామ తీసుకున్న లోన్‌కి హామీ సంతకం పెట్టాడు, ఆ సంగతే మరచిపోయాడు. ఆరు నెలలకోసారి కట్టే వాయిదా, ఒకసారి ధాన్యం డబ్బు రావడం లేటై 24 రోజులు ఆలస్యమైంది. ఇప్పుడు అంతా సరిగానే నడుస్తోంది. ఇలాంటిది ఉందని ముందే తెలిస్తే ఉత్తరంలో ఒక వాక్యంలో మనమే చెప్పేయొచ్చు.

రిపోర్టులో తప్పే ఉంటే, అంటే తీరిపోయిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు, వేరేవాళ్ల లోన్ మీ పేరు మీద ఉన్నట్టు కనబడితే, ముందు ఆ సంస్థకి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 నుంచి అమల్లో ఉంది. అది సరయ్యాకే ఉత్తరం.

రెండోది బిల్లు కట్టే తేదీ. ఇది చాలామందికి తట్టదు. మా బావ కార్డు బిల్లు 18న తయారవుతుంది, గడువు వచ్చే నెల 7. ఆయన ఎప్పుడూ 5న మొత్తం కట్టేస్తాడు. వడ్డీ ఒక్క రూపాయి కట్టింది లేదు. అయినా రిపోర్టులో ఆయన కార్డు ఎప్పుడూ నిండా వాడినట్టే కనబడుతోంది. కారణం ఇది: బ్యాంకులు 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి, నెల మధ్య నాటి, నెలాఖరు నాటి వివరాలు ఆ సంస్థలకి పంపాలి. నెలాఖరున ఈయన బిల్లు 38,000 ఇంకా కట్టకుండా ఉంటుంది, దానిమీద కొత్త నెల ఖర్చు కూడా చేరి ఉంటుంది. చూసేవాళ్లకి 50,000లో 40,000 పైగా బాకీ ఉన్న మనిషి కనబడతాడు. 5న కట్టేస్తాడన్న సంగతి ఆ ఫోటోలో పడదు.

దీనికి మందు సులువు. గడువు దాకా ఆగకుండా ప్రతి నెలా 13, 14 తేదీల్లో ఒకసారి, 28న ఒకసారి ఉన్నంత కట్టేయడం. మొత్తం కట్టేది అంతే, తేదీలే మారతాయి. రెండు మూడు నెలలు ఇలా చేస్తే రిపోర్టులో బాకీ 30 శాతం లోపలికి వస్తుంది. ఆ తర్వాత ఉత్తరం రాస్తే చదివేవాడికి వేరే మనిషి కనబడతాడు. అయితే ఒక జాగ్రత్త: కార్డు వాడడం మానేయకండి. అసలు వాడని కార్డుకి లిమిట్ ఎందుకు పెంచాలి?

ఇక కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొస్తున్నవాళ్లు. వాళ్లు ఉత్తరం రాయకపోవడమే మంచిది. ఏడాదికి 40 శాతం పైన పడే వడ్డీ నడుస్తుండగా లిమిట్ పెంచమంటే, బ్యాంకుకి అది ఆదాయం పెరిగిన మనిషి అడిగినట్టు ఉండదు, చేతిలో డబ్బు లేని మనిషి అడిగినట్టు ఉంటుంది. ముందు ఆ బాకీ తీర్చాలి, కనీసం నాలుగైదు బిల్లులు పూర్తిగా కట్టి చూపించాలి.

ఏ కాగితం పెట్టాలి

జీతగాళ్లకి మూడు రకాలు చేతిలో ఉంటాయి: మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, జీతం పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్. ఏది ముందు పెట్టాలన్నది మీరు ఏ నెలలో రాస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫారం 16 కంపెనీ ఇచ్చేది జూన్ మధ్యకి. ఫిబ్రవరిలోనో ఏప్రిల్‌లోనో రాస్తే మీ దగ్గరున్నది అంతకుముందు ఏడాదిది, అందులో పాత జీతమే ఉంటుంది. కొత్త జీతం చూపిద్దామని వెళ్లి పాత జీతం ఋజువు చేసి వస్తాం! ఆ నెలల్లో పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. జూన్ చివర, జులైలో రాస్తే తాజా ఫారం 16 కూడా జత చేయండి, అప్పుడు దానికి మించిన కాగితం లేదు.

పే స్లిప్‌లో బ్యాంకు చూసేది మనం చూసేది ఒకటి కాదు. మా బావ స్లిప్‌లో మొత్తం 44,400. అందులో పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200, బస్సుకీ క్యాంటీన్‌కీ 900 పోతే చేతికి 41,500. కానీ ఆ 44,400లో 3,400 నైట్ షిఫ్ట్ అలవెన్స్. అది నెలనెలా మారుతుంది, కాబట్టి ఖాయమైన ఆదాయంగా పూర్తిగా లెక్క వేసుకోకపోవచ్చు. అలాగే ఎరియర్స్ పడిన నెల ఉంటే, జీతం 52,000 కనబడుతుంది కదా అని ఆ ఒక్క స్లిప్ ముందు పెట్టకండి. పక్క నెలతో పోలిస్తే తేడా వెంటనే దొరికిపోతుంది, మిగతా కాగితాల మీద కూడా అనుమానం వస్తుంది. సొసైటీ లోన్ లాంటివి జీతంలో కోత పడుతుంటే అవీ స్లిప్‌లో కనబడతాయి. ఉత్తరంలో దాచి ప్రయోజనం లేదు.

ప్రభుత్వ టీచర్లకీ ఉద్యోగులకీ ఈ బాధ తక్కువ. ప్రభుత్వ పోర్టల్ నుంచి దింపిన పే స్లిప్‌నీ, జీతం పడిన ఖాతా స్టేట్‌మెంట్‌నీ ఎవరూ పెద్దగా ప్రశ్నించరు.

ఎక్కువ ఉత్తరాలు ఆగిపోయేది మాత్రం చిన్న చిన్న వాటి దగ్గర. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. పాన్ మీద పూర్తి ఇంటిపేరు, పే స్లిప్ మీద పొడి అక్షరం ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఉత్తరంలో ఒక లైన్ రాయండి, పాన్ నంబరు ఉన్న పే స్లిప్ పెట్టండి. స్టేట్‌మెంట్ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పంపకండి, బ్యాంకు నుంచి దిగిన పీడీఎఫ్ పంపండి. దానికి పాస్‌వర్డ్ ఉంటే అవతల తెరవలేక పక్కన పెట్టేస్తారు. పాస్‌వర్డ్ తీసేసిన కాపీ పంపడం మంచిది. మొత్తం ఫైలు సైజు ఎంతవరకు తీసుకుంటారో ముందే చూసుకోండి.

ఎంత అడగాలి

అంకె చెప్పకుండా ‘దయచేసి పెంచండి’ అని రాస్తే వాళ్ల ఇష్టం. నోటికొచ్చినంత అడిగితే మొత్తానికే కాదనొచ్చు. నేను రెండు వైపుల నుంచి లెక్క కడతాను. ఖర్చు వైపు: నెలకి 38,000 వాడే మనిషికి ఆ ఖర్చు 30 శాతం దగ్గర ఉండాలంటే 1,25,000 కావాలి. ఆదాయం వైపు: చేతికి వచ్చే 41,500కి మూడు రెట్లంటే 1,24,500. రెండూ ఒకేచోటికి వచ్చాయి, కాబట్టి 1,25,000 అడగడంలో తప్పు లేదు. మూడు రెట్లన్నది నియమం కాదు, అడిగేవాడికి ఒక అంచనా మాత్రమే.

నెలవారీ వాయిదాలు కూడా చూసుకోవాలి. బావకి బండి ఈఎంఐ 3,400, పర్సనల్ లోన్ 5,600. రెండూ కలిపి 9,000, చేతికి వచ్చేదాంట్లో 22 శాతం. ఇది మంచి స్థితి. వాయిదాలే జీతంలో సగం తినేస్తుంటే లిమిట్ పెంచడం కష్టం. ఒక లోన్ తీరేదాకా ఆగి రాయడం తెలివి.

ఉత్తరం

కార్డుల విభాగం మన ఊళ్లో ఉండదు. శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ దగ్గరున్న బ్రాంచి మేనేజరు ఎంత మంచివాడైనా ఆయన లిమిట్ మంజూరు చేయలేడు, పైకి పంపగలడు అంతే. అందుకే చదివేది ఎక్కడో చెన్నైలోనో ముంబైలోనో కూర్చున్నవాళ్లని గుర్తుపెట్టుకుని రాయాలి. పంపేది ఇంగ్లిషులో ఉంటే పని త్వరగా అవుతుంది. విషయం ఈ పద్ధతిలో ఉంటే చాలు:

> విషయం: చివరి నాలుగు అంకెలు ____ గల క్రెడిట్ కార్డు లిమిట్‌ను 50,000 నుంచి 1,25,000కి పెంచమని విన్నపం
>
> అయ్యా,
>
> నేను 2021 నుంచి మీ కార్డు వాడుతున్నాను. కార్డు ఇచ్చినప్పుడు నా నెల జీతం చేతికి 22,000. ప్రస్తుతం 41,500. ఈ మార్పు మీ రికార్డుల్లో లేదు, ఎందుకంటే నా జీతం వేరే బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.
>
> కార్డు తీసుకున్నప్పటి నుంచి ప్రతి బిల్లూ గడువులోగా పూర్తిగా కట్టాను. నా నెలవారీ కార్డు ఖర్చు సుమారు 38,000. ప్రస్తుత లిమిట్‌లో ఇది నాలుగింట మూడొంతుల పైగా అవుతోంది, ఈ కారణంగా లిమిట్ పెంపు కోరుతున్నాను.
>
> నాకున్న నెలవారీ వాయిదాలు: బైక్ లోన్ 3,400, పర్సనల్ లోన్ 5,600. నా క్రెడిట్ రిపోర్టులో కనబడే ట్రాక్టర్ లోన్‌కి నేను హామీదారుని మాత్రమే. అందులో ఒక వాయిదా ఆలస్యమైంది, అది కట్టేశారు, ప్రస్తుతం వాయిదా ఏదీ బాకీ లేదు.
>
> జతచేసినవి: గత మూడు నెలల పే స్లిప్పులు, జీతం ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్, పాన్ కాపీ. పే స్లిప్ మీద నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాన్ నంబరు రెండింటిలోనూ ఒకటే.
>
> పూర్తి మొత్తం వీలు కాకపోతే ఎంతవరకు ఇవ్వగలరో తెలియజేయండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపగలరు.

కష్టాలు, ఇంట్లో ఖర్చులు, పిల్లల చదువులు రాయాలనిపిస్తుంది. రాయకండి. ‘అవసరం చాలా ఉంది’ అన్న మాట అప్పు ఇచ్చేవాడికి ధైర్యం ఇవ్వదు, భయం పెడుతుంది. చివర్న ఉన్న ‘ఎంతవరకు ఇవ్వగలరో’ అన్న వాక్యం మాత్రం వదలొద్దు. అవును, కాదు అనే రెండు జవాబులకి మధ్యలో మూడో జవాబుకి అది దారి తెరుస్తుంది.

కార్డు పూర్తి నంబరు, వెనకున్న మూడంకెలు, పిన్, ఓటీపీ ఉత్తరంలో ఎక్కడా ఉండకూడదు. ఉత్తరం పంపిన వారంలో ‘మీ లిమిట్ పెంచుతున్నాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వస్తే, అది కాకతాళీయమైనా సరే, ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

ఎలా పంపాలి

నెట్ బ్యాంకింగ్‌లో సర్వీస్ రిక్వెస్ట్ పెట్టి కాగితాలు అప్‌లోడ్ చేసే వీలుంటే అదే మొదటి ఎంపిక. రిక్వెస్ట్ నంబరు వెంటనే వస్తుంది, ఎక్కడ ఆగిందో కనబడుతుంది. రెండోది, బ్యాంకులో రిజిస్టరైన మీ మెయిల్ నుంచి కార్డు విభాగం మెయిల్‌కి పంపడం. వేరే మెయిల్ నుంచి పంపితే పట్టించుకోరు. బ్రాంచిలో ఇవ్వడం చివరి దారి. ఇచ్చినా, రెండో కాపీ మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోకుండా బయటికి రావద్దు. ‘పంపిస్తాం లెండి’ అన్న మాటకి నెల తర్వాత సాక్ష్యం ఉండదు.

జవాబు రాకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయొచ్చు. 30 రోజులు దాటినా స్పందన లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ ఒకటి తెలుసుకోవాలి. జవాబు ఇవ్వలేదన్నది ఫిర్యాదు. లిమిట్ పెంచలేదన్నది ఫిర్యాదు కాదు. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ మార్చరు.

కాదన్నారంటే కారణాన్నిబట్టి తర్వాతి అడుగు. ‘ఆదాయం ఋజువు సరిపోలేదు’ అంటే కాగితం మార్చి మళ్లీ పంపొచ్చు. ‘ఇతర అప్పులు ఎక్కువ’ అంటే ఏదో ఒక లోన్ తీరేదాకా ఆగాలి. ‘అంతర్గత విధానం’ అని ముక్తసరిగా రాస్తే అక్కడ వాదించి లాభం లేదు. అప్పుడు జీతం పడే బ్యాంకులో కొత్త కార్డుకి వెళ్లడమే మంచిది.

మా బావకి 1,25,000కి బదులు 1,10,000 ఇచ్చారు. 38,000 ఖర్చు అందులో 35 శాతం లోపే. ఆయన మధ్యమధ్యలో కట్టే అలవాటు మానలేదు కాబట్టి రిపోర్టులో ఇంకా తక్కువే కనబడుతోంది. పెరిగిన రోజునే యాప్ తెరిచి ఆన్‌లైన్ కొనుగోళ్లకి 45,000, విదేశీ లావాదేవీలకి సున్నా అని పరిమితి పెట్టేశాడు. కార్డుని ఎక్కడెక్కడ ఎంతవరకు వాడాలో మనమే పెట్టుకునే ఆ సదుపాయం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2020లోనే చెప్పింది. బ్యాంకు లిమిట్ 1,10,000 అయినా, నంబరు ఎవరి చేతికైనా చిక్కితే ఆన్‌లైన్‌లో ఒక్కసారి పోయేది ఆ 45,000కి మించదు.